ఓరుగల్లు అల్లుడు, కోనసీమ అత్తారిల్లు

అంబాజీపేట దగ్గర ఓ పల్లె. భోగి నాటి సాయంత్రం. వరంగల్ అల్లుడికి పెళ్లయ్యాక ఇదే మొదటి సంక్రాంతి. పెరట్లో కట్టెల పొయ్యి మీద అరిసెలకి బెల్లం కరుగుతోంది. అత్తగారు పొయ్యి ముందు, మామ్మగారు నులకమంచం మీద, మిగతావాళ్లు చుట్టూ. అల్లుడిని ఎవరూ పిలవలేదు. తనే వచ్చి పీట లాక్కుని కూర్చున్నాడు.

అత్తగారు: అయ్యో, పొగలోకి మీరెందుకండీ? లోపల హాయిగా కూర్చోండి బాబూ.

అల్లుడు: లోపల కూసుంటే మళ్ల ఏమన్న పెడ్తరని భయమై వచ్చిన అత్తమ్మా. పొద్దటి సంది నాలుగు సార్లు టిఫినే పెట్టిన్రు.

అత్తగారు: నాలుగు కాదండీ, మూడే. నాలుగోది కంచం ఖాళీగా కనబడిందని వేశాను.

మామగారు: ఖాళీ చెయ్యడం ఆయన తప్పే మరి. చివర్లో రెండు ముక్కలు వదిలెయ్యాలి బాబూ, ఈ ఇంట్లో బతకాలంటే.

అల్లుడు: వదిలిపెట్టిన మామయ్యా. "నచ్చలేదా బాబూ" అని అత్తమ్మ మొహం చిన్నగ చేసుకున్నరు. ఆ రెండు ముక్కలు తిన్న, ఇంకో రెండు పడ్డయ్.

(వంట బాగాలేదన్న మాట ఎక్కడా రాలేదు, గమనించండి. ఎక్కువైందని ఎంతసేపైనా అనొచ్చు. ఆ ఫిర్యాదు అత్తగారికి సన్మానపత్రం.)

అల్లుడు: ఇంతకు లెక్క ఎంత అత్తమ్మా? రేపు మా అమ్మ ఫోన్‌ల అడుగుతది.

అత్తగారు: కిలో కొత్తబియ్యం. నిన్న పొద్దున్న నానబోసి, ఇవాళ వడగట్టి, తడి మీదే పిండి ఆడించాం. బెల్లం ముప్పావు కిలో. నీళ్లు గ్లాసు కన్నా తక్కువే. బెల్లం కరగడానికండీ, ఈత కొట్టడానికి కాదు.

అల్లుడు: మరి పిండి మీద గుడ్డ కప్పిన్రేంది? చలి పెడ్తదనా?

అత్తగారు: తడి ఆరితే పిండి పాకం పట్టదు, అరిసె అంచులు పగులుతాయి. మీకు చలేస్తే చెప్పండి, ఇంకో గుడ్డ ఉంది.

మరదలు: బావగారూ, మొదటి వికెట్టు!

అల్లుడు: అత్తమ్మ చేతిల అవుటైతే నామోషీ లేదు మరదలా. మామయ్య ముప్పై ఏండ్ల సంది అవుతనే ఉన్నరు.

(మామగారు కండువా సర్దుకున్నారు. కాదనలేదు.)

అత్తగారు: మాటలాపి ఇలా చూడండి. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేశాను. వేలితో దగ్గరికి తియ్యండి.

అల్లుడు: వస్తలేదత్తమ్మా, కరిగిపోతున్నది.

అత్తగారు: ఇంకా లేతదన్నమాట. ఇప్పుడు పిండి పోశామా, నూనెలో పడగానే దేనికది విడిపోతుంది. కాసేపాగి మళ్లీ చూద్దాం... ఇప్పుడు?

అల్లుడు: ఉండైంది. మెత్తగున్నది.

అత్తగారు: దించెయ్యాలి. ఇంకో రెండు నిమిషాలుంటే ఆ ఉండ పళ్లేనికేసి కొడితే టంగుమంటుంది. తర్వాత అరిసే టంగుమంటుంది.

మామ్మ: టంగుమనేవి నాకొద్దే. మీ ఆయనకి పెట్టు, వాడికింకా పళ్లున్నాయి.

అల్లుడు: లేత పాకం, ముదురు పాకం... మరి మీ బిడ్డది ఏ పాకం అత్తమ్మా?

అమ్మాయి: ఏయ్!

అత్తగారు: 26 ఏళ్లు నేను చూసుకున్నాను బాబూ. సరిగ్గా ఉండపాకం మీద దించి మీ చేతికిచ్చాను. ఇప్పుడు గట్టిపడిందంటే నన్నడక్కూడదు. పొయ్యి మీద పెట్టి మంట ఎగదోస్తున్నదెవరో చూసుకోండి.

(ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత మరదలు ఈలేసింది. అల్లుడు పీట మీద నుంచి లేచి రెండు చేతులూ జోడించాడు. అత్తగారు ఇంత బాగా అన్నప్పుడు తిరిగి అనడానికి వెతుక్కోకూడదు.)

అల్లుడు: తప్పైంది అత్తమ్మా. మెత్తగనే ఉన్నది. నేనే నూనెల పడ్డట్టు ఉడుకుతున్న.

అమ్మాయి: ఉడుకుతున్నాడట! ఇంట్లో గిన్నెలు ఎవరు కడుగుతున్నారో చెప్పనా?

అల్లుడు: చెప్పు, నాకేం సిగ్గు? మామయ్య కూడ కడుగుతరని నువ్వే కద చెప్పినవ్.

మామగారు: అమ్మాయ్! ఇంటిగుట్టు గోదారి దాటించేశావా!

అత్తగారు: దాటిస్తే దాటించింది. కడిగినవి మళ్లీ నేను కడుక్కుంటానని కూడా చెప్పవే.

(ఈలోగా పిండి కలిసింది. నువ్వులు, యాలకుల పొడి, చేతికి నెయ్యి. అరిటాకు ముక్క మీద తట్టడం అత్తగారు, నూనెలోంచి తియ్యడం అమ్మాయి. రెండు అరిసెల చెక్కలూ అల్లుడి చేతికి వచ్చాయి. బావమరిది ఫోను తీశాడు.)

అత్తగారు: రెండు చెక్కల మధ్యా పెట్టి నూనె కారేదాకా నొక్కండి. పగ తీరేదాకా కాదు. అదిగో, అరిసెని అప్పడం చేసేశారు!

అల్లుడు: సరే, ఇగో, మెల్లగ నొక్కిన.

అత్తగారు: ఇది బాగా మెల్లగా అయ్యింది. నూనె లోపలే ఉండిపోయింది. రేపటికి డబ్బా అడుగంతా జిడ్డు. ఈ రెండూ మీవే బాబూ, వేరే పెడతాను.

బావమరిది: బావా, ఇటు తిరిగి నవ్వు. మీ అమ్మగారికి పంపిస్తా.

అల్లుడు: వద్దు బావా, నీ కాల్మొక్త. ఇరవై తొమ్మిదేండ్లు మంచినీళ్లు కూడ ముంచుకోలేదు, అక్కడ పోయి అరిసెలొత్తుతున్నవా అంటది. మళ్ల నేను ఇంటికి పోవాలె.

మామగారు: పోనీ మీ అమ్మగారు పంపిన ఆ డబ్బా తియ్యండి. సకినాలన్నారు కదా, చూద్దాం. (కొరికి) ఆయ్... బావుందండీ. కానీ బాబూ, నాకు పళ్లున్నాయో లేవో పరీక్షించడానికి తేలేదు కదా?

అల్లుడు: రామ రామ! గట్టిగున్నదనిపిస్తే చాయ్‌ల ముంచుకొని తినుర్రి మామయ్యా. మా తాత గట్లనే తింటడు. అంటే మీరు తాత అని కాదు...

మామగారు: అది నా చేతుల్లో లేదు కదా బాబూ. మీ ఇద్దరి చేతుల్లో ఉంది.

(అమ్మాయి "నూనె తెస్తా" అంటూ లోపలికి వెళ్లిపోయింది. నూనె డబ్బా పొయ్యి పక్కనే ఉంది.)

అత్తగారు: ఏవండీ, మీరు కాస్త ఊరుకోండి. ఇవెలా చేస్తారు బాబూ, చుట్టలు చుట్టలుగా?

అల్లుడు: మీ అరిసెల లెక్కనే తడిపిండి అత్తమ్మా. నాలుగు గ్లాసుల బియ్యానికి గ్లాసు నువ్వులు, ఇంత వాము, ఉప్పు. పిండిని వేళ్లతోని మెలి తిప్పుకుంట బట్ట మీద సుట్టాలె. బట్ట నీళ్లు పీల్చినంక పళ్లెంతోని లేపి నూనెల జార్చాలె. తొందరపడి పచ్చిగున్నప్పుడే లేపితే ముక్కలైతయ్.

అత్తగారు: మీరూ చుట్టారా?

అల్లుడు: ఒక్కటి సుట్టిన. మా అమ్మ చూసి, "ఇది సకినమా, ప్రశ్నార్థకమా" అన్నది.

మరదలు: ఏది, అది ఏ డబ్బాలో ఉంది?

అల్లుడు: మీ అక్కకు పెట్టిన. కట్టుకున్న పాపానికి తిన్నది.

మామ్మ: పోన్లే నాయనా. మీ మామ చేసిన ఉప్మా మా కోడలు ఒకసారి తింది. అప్పట్నుంచీ వాడిని పొయ్యి దగ్గరికి రానివ్వదు. వాడికి కావలసిందీ అదే.

అల్లుడు: అవునా మామయ్యా! అయితే ఆ ఉప్మా కావాలని పాడు చేసిన్రా?

మామగారు: అన్నీ ఇవాళే నేర్చేసుకుంటారా బాబూ? వచ్చే పండక్కి కొన్ని ఉంచుకోండి.

అల్లుడు: అయితే ఇది చెప్పుర్రి. గోదావరి అల్లున్నైన అని దోస్తులందరికి చెప్పుకున్న. పులస ఏది మామయ్యా?

మామగారు: పులస సంక్రాంతికి దొరకదండీ. వరదనీళ్లు వచ్చినప్పుడు సముద్రంలోంచి గోదారికి ఎదురీదుకుంటూ వస్తుంది. జూలై రావాలి.

అల్లుడు: అంటే ఆషాఢమా? మంచిది, ఆషాఢంల వస్త.

మామగారు: అబ్బే, ఆషాఢంలో కొత్తల్లుడు అత్తారి గడప తొక్కకూడదు. పులస ధర చూసి మా పెద్దలు పెట్టిన నియమం అది.

అల్లుడు: అయితే శ్రావణంల వస్త. అప్పటికి గోదావరిల నీళ్లుంటయ్, పులసలుంటయ్, పట్టింపులుండయ్.

మామగారు: (భార్యతో) కుర్రాడు పంచాంగం కూడా చదువుతున్నాడే!

అత్తగారు: మరి ఎల్లుండి కనుమకే బయల్దేరతానంటున్నారట? కనుమ నాడు కాకైనా కదలదంటారు.

అల్లుడు: కాకికి లీవున్నది అత్తమ్మా. నాకు లేదు.

బావమరిది: అదేం కుదరదు బావా. కనుమ నాడే జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. వెదురుతో కట్టిన శివుడి ప్రభలు పదకొండు వస్తాయి. చేలకి అడ్డంపడి, భుజాల మీద మోసుకుంటూ వస్తారు, కొన్నిటిని కౌశిక నది కూడా దాటిస్తారు. నువ్వూ ఒక భుజం పట్టాలి.

అల్లుడు: ఇన్ని అరిసెలు తిన్నంక నన్ను దాటించెతందుకే పదిమంది కావాలె. చూస్తా, దండం పెట్టుకుంటా. మొయ్యమంటే మాత్రం అత్తమ్మ మీద కేసైతది.

మామగారు: అయితే ఉన్నట్టే. మా సంప్రదాయం ప్రకారం మొదటి పండక్కి అల్లుడు అలగాలి. ఇప్పటిదాకా అలగలేదు, నాకు భయంగా ఉంది. ఏదో పెద్దదే అడిగేలా ఉన్నారు.

అల్లుడు: బండున్నది, ఫోనున్నది, మీరు బంగారమసొంటి బిడ్డనిచ్చిన్రు. ఇంకేం అడుగుత? అటక మీదున్న ఆవకాయ జాడీ, చిన్నది కాదు, పెద్దది, అది ఇప్పిస్తెనే లేస్త.

మామగారు: కొబ్బరితోట అడగండి, మాట్లాడదాం. ఆ జాడీ నా పేర లేదు బాబూ. మా ఆవిడ పేర ఉంది.

అత్తగారు: ఇస్తానండీ, మాట వినేవాళ్లకి ఇస్తాను. ముక్కల మీద నూనె వేలెడెత్తు తేలాలి, తగ్గితే కాచి చల్లార్చి పొయ్యండి, లేదంటే బూజు పడుతుంది. తడి గరిటె పెట్టకూడదు. మూతి మీద గుడ్డ కట్టి రైల్లో నిలబెట్టి తీసుకెళ్లాలి. పక్కకి వాల్చారో, బోగీ అంతా ఎర్రగా అవుతుంది.

అల్లుడు: నా సీట్ల దాన్ని కూసోబెడ్త, నేను నిలబడ్త. సంక్రాంతి రైలు, నిలబడుడు అలవాటే.

అమ్మాయి: (లోపల్నుంచి) మరి నేనెక్కడ కూర్చోవాలి?

అల్లుడు: జాడీ పక్కన. పట్టుకునెతందుకు మనిషి కావాలె కద!

మామ్మ: ఒసేయ్ కోడలా, అలిగినవాడి ముందు అరిసెల పళ్లెం ఉండకూడదే. అలక విలువ పోతుంది. తీసెయ్యి.

(అత్తగారు చెయ్యి చాచారు. అల్లుడు పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.)

అల్లుడు: తిన్నంక అలుగుత మామ్మా!