పాడి బర్రె మరణం – బీమా సొమ్ము కోసం దరఖాస్తు

తేదీ: 28-04-2025
ఎర్రబెల్లిగూడెం, కట్టంగూరు మండలం, నల్లగొండ జిల్లా

గౌరవనీయులైన బ్రాంచి మేనేజర్ గారికి,
పశు బీమా విభాగం, నల్లగొండ.

విషయం: పాలసీ నంబరు 4207/24/01863 కింద బీమా చేసిన బర్రె 23-04-2025న చనిపోయినందున క్లెయిమ్ మంజూరు గురించి.
చెవి పోగు నంబరు: 360047218359 (ఎడమ చెవి, పసుపు రంగు)

అయ్యా,

నేను బొడ్డు యాదయ్య, తండ్రి మల్లయ్య. నాలుగు బర్రెలతో పాల వ్యాపారం చేసుకుంటున్నాను. వాటిలో గ్రేడెడ్ ముర్రా బర్రెకు 12-09-2024 నుంచి 11-09-2025 వరకు మీ దగ్గర 80,000 రూపాయలకు బీమా చేయించాను. నల్ల ఒళ్ళు, మెలి తిరిగిన కొమ్ములు, తోక కుచ్చు తెలుపు, వయసు ఏడేళ్ళు. మూడో ఈత ఈని నాలుగు నెలలు. పూటకు ఐదు లీటర్లు ఇచ్చేది.

ఏప్రిల్ 15న పొద్దున కుడితి ముట్టలేదు. పాలు సగానికి పడిపోయాయి. మర్నాడే మండల పశువైద్యశాలకు ఫోన్ చేస్తే డాక్టర్ గారు వచ్చి చూసి జ్వరానికి, అరుగుదలకు మందులు ఇచ్చారు. 19 నాటికి రొమ్ము కింద, ముందు కాళ్ళ మధ్య నీరు దిగి సంచిలా వేలాడింది. మోచేతులు బయటికి చాపి నిలబడేది, కొట్టం ముందున్న చిన్న వాలు దిగడానికి కూడా మొరాయించింది. మెడ నరం తాడులా ఉబ్బింది. డాక్టర్ గారు అప్పుడే గుండె దగ్గర ఏదో గుచ్చుకుని ఉంటుందని అనుమానపడ్డారు. అయిదు రోజులు ఇంజెక్షన్లు నడిచాయి. 23న తెల్లవారుజామున 4 గంటలకు పాలు పిండడానికి లేచి చూస్తే చనిపోయి ఉంది.

ఉదయం 6.40కి మీ కంపెనీ నంబరుకు ఫోన్ చేసి చెప్పాను. పోగు కనిపించేలా ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపమంటే పంపాను. మీ సర్వేయర్ గారు సాయంత్రం దాకా రాలేకపోయారు. ఎండలకు శవం ఉబ్బిపోతుంటే డాక్టర్ గారి సలహా మీద జేసీబీతో ఎనిమిది అడుగుల గుంత తీయించి, సున్నం చల్లి 5 గంటలకు పూడ్చాను. అప్పుడు పంచాయతీ కార్యదర్శి గారు, ఇద్దరు పొరుగు రైతులు ఉన్నారు. వాళ్ళ సంతకాలతో పంచనామా జత చేశాను.

పోస్టుమార్టం ఆ రోజు 11 గంటలకు మా పొలం గట్టు మీద జరిగింది. రిపోర్టులో రాసింది ఇది: తేనెపట్టులా ఉండే రెండో పొట్ట గోడను 7 సెంటీమీటర్ల ఇనుప తీగ చీల్చుకుని, విభాజక పటలం దాటి గుండె సంచిలోకి గుచ్చుకుంది. సంచిలో సుమారు మూడు లీటర్ల కంపు చీము ఉంది. మరణ కారణం ట్రామాటిక్ రెటిక్యులోపెరికార్డైటిస్. ఆ తీగను నేనూ చూశాను. ఒక కొస తుప్పు పట్టి నల్లబడి, ఇంకో కొస సూదిలా ఉంది.

నిర్లక్ష్యం ఏమైనా ఉందా అని ఫోన్‌లో అడిగారు కాబట్టి రాస్తున్నాను. బర్రె మేతను సరిగా నమలకుండా మింగి, తర్వాత నెమరేస్తుంది. వరిగడ్డిలో ఏ తీగ ముక్క వచ్చినా దానికి తెలియదు, మనకూ తెలియదు. జబ్బు చేసిన రెండో రోజే వైద్యం మొదలైంది. మందుల బిల్లులు, చికిత్స సర్టిఫికెట్ అన్నీ ఇచ్చాను.

రెండు విషయాలు మీకు అనుమానం కలిగించవచ్చు. పాలసీ ఫోటోలో రెండు కొమ్ములూ నిండుగా ఉన్నాయి, ఇప్పటి ఫోటోలో ఎడమ కొమ్ము కొస విరిగి ఉంది. సంక్రాంతి తర్వాత కొట్టం రాతికి కొట్టుకుని విరిగింది, డాక్టర్ గారు సర్టిఫికెట్‌లో అదే రాశారు. ఇంకొకటి, పోస్టుమార్టం రిపోర్టులో పోగు నంబరు ఐదో అంకె 4 మొదట 9లా పడింది. డాక్టర్ గారు కొట్టేసి సరిచేసి, పక్కన సంతకం, ముద్ర వేశారు. అసలు పోగు మా దగ్గరే ఉంది కాబట్టి గొడవ లేదు. ఆయన ఎదుటే చెవి ముక్కతో సహా కోసి, ఉప్పు పట్టించి, కవర్‌లో వేసి సీలు వేయించాను. ఈ లెటర్‌తోనే ఇస్తున్నాను, అందినట్లు రసీదు ఇవ్వగలరు.

ఈ బర్రె మీద ఏ బ్యాంకు అప్పూ లేదు. దాని దుడ్డెకు ఇప్పుడు వేరే బర్రె పాలు పట్టిస్తున్నాను. దయచేసి పూర్తి బీమా మొత్తం 80,000 రూపాయలు నా ఖాతాలో జమ చేయగలరు. సర్వేయర్ గారు వస్తే గుంత చూపిస్తాను, మిగతా మూడు బర్రెలనూ చూడవచ్చు.

జత చేసినవి: నింపిన క్లెయిమ్ ఫారం, అసలు పాలసీ, ప్రీమియం రసీదు, పశువైద్యుని మరణ ధృవీకరణ, పోస్టుమార్టం రిపోర్టు, చికిత్స సర్టిఫికెట్, మందుల బిల్లులు ఆరు, పంచనామా, ఫోటోలు ఎనిమిది, సీలు వేసిన చెవి పోగు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు.

ఇట్లు,
బొడ్డు యాదయ్య
(సంతకం)