గుడారం దగ్గర మీ చోటు

పెద్దల ఆదివారం సందేశం, గుంటూరు
వాక్యభాగాలు: సంఖ్యాకాండము 8:23–26, 2 సమూయేలు 19:31–39

ప్రభువునందు ప్రియమైన పెద్దలారా, అమ్మలారా, మీకందరికీ వందనాలు. వాక్యం చదివేటప్పుడు కూడా ఈరోజు ఎవరూ లేవనక్కర్లేదు. హాయిగా కూర్చునే వినండి.

మా నాన్న ఆర్టీసీ డ్రైవర్. 58 ఏళ్లకు రిటైరయ్యారు. ఆఖరి డ్యూటీ రోజు దండ వేసి, శాలువా కప్పి, ఇంటిదాకా వచ్చి దింపారు. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికే ఆయన లేచారు. స్నానం చేశారు, తల దువ్వుకున్నారు, మంచం అంచున కూర్చున్నారు. అమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఎక్కడికండీ?" అంది. ఆయన మాట్లాడలేదు. అప్పుడు నాకు 26 ఏళ్లు, కొత్తగా సేవలోకి వచ్చాను. నోటికొచ్చిన వాక్యాలు బోలెడు. అయినా ఆ పొద్దున మా నాన్నకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆ రోజు చెప్పలేకపోయిన మాటే ఈరోజు మీ ముందుకు తెచ్చాను.

రిటైర్మెంట్ గురించి బైబిల్‌లో ఉందా అని మీలో కొందరు నన్ను అడిగారు. ఉంది. ఇప్పుడు చదివిన సంఖ్యాకాండము 8వ అధ్యాయంలోనే ఉంది. లేవీయులు 25 ఏళ్లకు ప్రత్యక్షపు గుడారం పనిలో చేరాలి, 50 ఏళ్లు నిండాక ఆ పని మానాలి. ఇది దేవుడే మోషేకు చెప్పిన మాట. ఆ పని ఎలాంటిదో ఒక్కసారి ఊహించుకోండి. గుడారం కదిలినప్పుడల్లా పలకలు, స్తంభాలు, దిమ్మలు విప్పాలి, మోయాలి, మళ్లీ నిలబెట్టాలి. గెర్షోనీయులకు, మెరారీయులకు బండ్లు ఇచ్చారు. కహాతీయులకు బండి కూడా లేదు, పరిశుద్ధమైన వస్తువులను వాళ్లు భుజాల మీదే మోయాలని 7వ అధ్యాయం చెబుతుంది. ఎండ, ఇసుక, భుజాన బరువు. దేవుడికి మన ఒళ్లు తెలుసు. అందుకే ఒక వయసు దాటాక ఆ బరువు దింపమన్నాడు. మోకాళ్ల నొప్పులు వచ్చాయని, చెయ్యి వణుకుతోందని సిగ్గుపడే పెద్దలారా, దేవుడే దింపమన్న బరువు అది.

కానీ 26వ వచనం చూడండి. బరువు దింపాక లేవీయుణ్ణి ఇంటికి పొమ్మనలేదు. గుడారంలో తన సహోదరులతో కూడ ఉండి, కాపాడవలసిన వాటిని కాపాడమన్నాడు. నేను ఈ మాట దగ్గర చాలాసార్లు ఆగిపోతాను. అతడి భుజం మీద బరువు పోయింది గానీ గుడారం దగ్గర అతడి చోటు పోలేదు. చెయ్యాల్సిన పని మారింది. మోసేవాడి పక్కన ఉండటం, కనిపెట్టుకుని చూడటం ఇప్పుడు అతడి వంతు. ఏ కొయ్య ఎక్కడ బిగించాలో కుర్రాడికి తెలియకపోతే పక్కన తెలిసిన మనిషి ఒకరు ఉండాలి కదా.

మా నాన్న సంగతికి వస్తాను. ఆ మూగతనం నాలుగైదు నెలలు సాగింది. ఒకరోజు మా పక్కింటి ఆమెకు కంటి ఆపరేషన్ అవసరమైంది. గుంటూరు పెద్దాసుపత్రికి ఒంటరిగా వెళ్లాలంటే ఆమెకు భయం. ఓపీ చీటీ ఎక్కడ రాయించుకోవాలి, ఏ గదికి వెళ్లాలి, ఎవరిని అడగాలి? నాన్న ఆమెతో వెళ్లారు. పొద్దున్నే బస్సెక్కించి, లైన్లో తాను నిలబడి, ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, సాయంత్రం ఇంటికి తీసుకొచ్చారు. ఆ తర్వాత ఇంకొకరు వచ్చారు, తర్వాత మరొకరు. ఏ ఊరి బస్సు ఎన్నింటికో ఆయనకు ఎలాగూ కంఠస్థం. నాలుగింటికి లేవడమూ అలవాటే. ఆయన వైద్యం చేయలేదు, డబ్బు పంచలేదు. పక్కన ఉన్నారు. మంచం అంచున అలా కూర్చోవడం మళ్లీ నేను చూడలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 85 ఏళ్ల కాలేబును చూపించి, "మీరూ కొండ ఎక్కండి" అనే ప్రసంగాలు మీరు చాలా విన్నారు. కాలేబు బలం దేవుడిచ్చినదే, స్తోత్రం. కానీ అందరికీ ఆ బలం ఉండదు. అందుకే రెండో వాక్యభాగంగా బర్జిల్లయిని తెచ్చాను. అబ్షాలోముకు భయపడి పారిపోయిన దావీదు మహనయీములో ఉన్నప్పుడు పరుపులు, గోధుమలు, తేనె తెచ్చి ఆదుకున్నవారిలో ఈ ముసలాయన ఒకడు. గెలిచి తిరిగి వెళ్తూ దావీదు, "నాతో యెరూషలేముకు రా, నేనే నిన్ను పోషిస్తాను" అన్నాడు. రాజభవనం! ఆయన ఏమన్నాడు? నాకిప్పుడు 80 ఏళ్లు, తినేదాని రుచి తెలుస్తుందా, పాటలు పాడేవారి స్వరం వినిపిస్తుందా, నేను నీకెందుకు భారం కావాలి, మా ఊళ్లో మా అమ్మానాన్నల సమాధి దగ్గర చనిపోనివ్వు అన్నాడు. ఎంత నిజాయితీ! ఆ తర్వాత కింహామును ముందుకు పెట్టి, ఇతణ్ణి తీసుకెళ్లు అన్నాడు. తనకు దక్కిన గౌరవాన్ని వెనకాల వచ్చేవాడికి ఇచ్చాడు. యొర్దాను దాకా రాజుతో నడిచాడు, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగాడు. తాను ఎంతవరకు నడవగలడో ఆయనకు తెలుసు. అంతవరకు మాత్రం తప్పకుండా నడిచాడు.

సంఘంలో 30 ఏళ్లుగా ఒకే బాధ్యత పట్టుకున్న అన్నలారా, మీ కింహాము ఎవరు? ప్రేమతోనే అడుగుతున్నాను. కానుకల లెక్క, సండే స్కూల్, క్వయర్, ఏదైనా సరే, ఒక కుర్రవాడికో అమ్మాయికో అప్పగించి పక్కన కూర్చోండి. వాళ్లు తప్పు చేస్తారు. మీరూ చేశారు, ఆనాడు ఎవరో ఓర్చుకున్నారు.

అమ్మలారా, మీకు రిటైర్మెంట్ ఆర్డరే రాలేదని నాకు తెలుసు. ఉద్యోగం చేసినవారికి వంటిల్లు మిగిలింది, చేయనివారికి ముందునుంచీ ఉన్నదే. మనవల కోసం హైదరాబాదుకో అమెరికాకో వెళ్లి, ఆరు నెలలు నాలుగు గోడల మధ్య ఉండి, పిల్లలు బాధపడతారని ఒంటి నొప్పి కూడా చెప్పకుండా తిరిగొచ్చినవారు ఈ వరుసల్లోనే ఉన్నారు. బరువు దింపుకోవడానికి దేవుడిచ్చిన అనుమతి మీకూ వర్తిస్తుంది. వెనక నిలబడి ఉన్న కొడుకులూ కోడళ్లూ, కూతుళ్లూ అల్లుళ్లూ, ఈ మాట మీరు వినాలి. అమ్మ ప్రేమతో చేస్తోంది నిజమే, ఆమె నడుము కూడా నిజమే.

ఇంట్లో మంచం మీద ఉండి ఫోన్‌లో ఈ ఆరాధన వింటున్నవారితో ఒక మాట. నేనెవరికి ఉపయోగం అని పోయిన వారం మీలో ఒకరు నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. 71వ కీర్తన రాసిన భక్తుడూ అలాగే ఏడ్చాడు. బలం తగ్గిపోతున్నప్పుడు నన్ను విడిచిపెట్టకు అన్నాడు. ఇంకొక మాట కూడా అన్నాడు: తల నెరిసినా విడువకు, రాబోయే తరానికి నీ బలం గురించి చెప్పాలి అని. ఏటా మనం లైఫ్ సర్టిఫికేట్ ఇస్తే తప్ప బతికి ఉన్నామని పెన్షన్ ఆఫీసు నమ్మదు. మీ తండ్రికి ఆ కాగితం అక్కర్లేదు. మీ మంచం దగ్గరికి వచ్చే పిల్లలతో, కరువులో ఏం తిన్నారో, ఏ రాత్రి ఏ ప్రార్థన చేశారో చెప్పండి. నోరు పెగలకపోతే చెయ్యి పట్టుకోనివ్వండి చాలు.

ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద బల్ల వేస్తున్నాం. ఆసుపత్రికి తోడు వెళ్లగలవారు ఒక పుస్తకంలో, తోడు కావలసినవారు ఇంకో పుస్తకంలో పేర్లు రాయించండి. రెండింటిలోనూ రాయించుకోవచ్చు. పదో తరగతి పిల్లలకు సాయంత్రం గంటసేపు లెక్కలు చెప్పగల మాస్టార్లు ఇద్దరు కావాలి. మొదటి పేరుగా ఎవరిది రాయాలో మా యువకులు అప్పుడే అనుకుంటున్నారు, మాస్టారూ, మీకు అర్థమయ్యే ఉంటుంది.

ప్రార్థిద్దాం. తండ్రీ, వీళ్లు మోసిన బరువులన్నీ నీకు తెలుసు. ఈ భుజాల మీద నీ చెయ్యి ఉంచు. రేపు తెల్లవారుజామున నిద్రలేచి ఎక్కడికి వెళ్లాలో తెలియక కూర్చునేవారి పక్కన నువ్వు కూర్చో. వారి దగ్గరికి మమ్మల్ని పంపించు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.