ఉడకబెట్టిన దుంపలు

తొమ్మిదో తరగతిలో ఫస్టు ర్యాంకు ఒకసారి శిరీషది, ఇంకోసారి నవీన్‌ది. మార్కులు పంచుకోని ఆ ఇద్దరికీ సైన్సు మాస్టారు ఒకే ప్రాజెక్టు అంటగట్టారు: బంగాళాదుంప బ్యాటరీ. తెల్లారితే మండల సైన్స్ ఫెయిర్.

నాలుగు దుంపలు, ఒక్కోదానికీ ఒక జింకు పూత మేకు, ఒక రాగి తీగ. వరసగా కలిపారు. మీటరు 3.4 వోల్టులు చూపించింది. ఎర్ర ఎల్ఈడీ మాత్రం వెలగలేదు.

"నువ్వే తిరగేసి పెట్టావ్."

"పొడుగు కాలు రాగి వైపే ఉంది, చూడు! నీ మేకులే తుప్పువి."

శిరీష మేకులన్నీ గరుకు కాగితంతో రుద్దింది. అయినా అంతే. నవీన్ ఎల్ఈడీ తగిలించి మళ్లీ మీటరు పెట్టాడు. ముల్లు 1.5కి పడిపోయింది.

"వోల్టేజీ ఉంది, కరెంటే రావట్లేదు. దుంప లోపలే అడ్డు ఎక్కువ," అంది శిరీష, వాడితో కంటే తనతోనే.

"ఉడకబెడితే?"

"కూర చేస్తావా?"

"కణాల పొరలు చితికితే అడ్డు తగ్గుతుందిగా!"

కాదనడానికి కారణం వెతికింది, దొరకలేదు. వాళ్లమ్మ పప్పు దించగానే గిన్నె ఎక్కించారు. ఎనిమిది నిమిషాలు. చల్లారేదాకా ఆగలేక, వేళ్లు కాల్చుకుంటూనే మేకులు గుచ్చారు. ట్యూబులైటు ఆపితే ఎల్ఈడీ మసగ్గా వెలుగుతోంది.

చార్టు దగ్గర మళ్లీ మొదలైంది.

"ముందు ఎవరి పేరు?"

"అక్షర క్రమంలో రాద్దాం," అన్నాడు నవీన్.

"న, శ... నీదే ముందొస్తుంది కదరా!"

"అందుకేగా అన్నాను."