సెల్ఫీ నుంచి కార్టూన్ డీపీ: ఫిజిక్స్ టీచర్ బొమ్మ కోసం ప్రాంప్ట్

జత చేసిన సెల్ఫీ నాదే. దీన్ని చూసి నా కార్టూన్ బొమ్మ గీయాలి. నాకు 43 ఏళ్లు. సిద్దిపేట జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. పదో తరగతి పిల్లల కోసం రోజూ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పాఠం ఆడియో పెడతాను. ఆ గ్రూపుకి ఈ బొమ్మే డీపీ. ఫోన్‌లో అది రూపాయి బిళ్లంత కూడా ఉండదు. అంత చిన్నగా కనిపించినా పిల్లలు "మా టీచరే" అని టక్కున గుర్తుపట్టాలి. అందంగా రావడం కన్నా నాకు అదే ముఖ్యం.

అన్నిటికన్నా ముందు కళ్లద్దాలు. నల్లటి మందపాటి ఫ్రేమ్, అడ్డంగా ఉన్న దీర్ఘచతురస్రం, మూలలు కొంచెం గుండ్రం. గుండ్రటి ఫ్రేమ్‌గానో సన్నటి బంగారు రంగు ఫ్రేమ్‌గానో మార్చొద్దు. అవి ఎప్పుడూ ముక్కు మీదికి కొద్దిగా జారి ఉంటాయి. అలాగే జారి ఉండాలి, కనుబొమ్మలు రెండూ ఫ్రేమ్‌కి పైన పూర్తిగా కనిపించాలి. నాది మైనస్ పవర్, అందుకే అద్దాల్లోంచి కళ్లు కాస్త చిన్నగా కనిపిస్తాయి. అద్దం అంచు దగ్గర చెంప గీత కూడా లోపలికి జరిగినట్టు ఉంటుంది. సెల్ఫీలో బాగా దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఈ రెండూ బొమ్మలో ఉండాలి. హ్రస్వదృష్టికి పుటాకార కటకం ఎందుకో చెప్పేటప్పుడు ఈ కళ్లద్దాలే తీసి పిల్లలకు చూపిస్తాను. వాళ్లు నన్ను గుర్తుపట్టేది వీటితోనే. కార్టూన్ కదా అని కళ్లు పెద్దవి చేయొద్దు. ఫొటోలో అద్దాల మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడింది, అది తీసేసి ఒక్కో అద్దం మీద చిన్న తెల్ల గీత మాత్రం ఉంచితే చాలు.

జుట్టు పక్క పాపిడి, బిగించి దువ్విన ఒంటి జడ. పాపిడి దగ్గర మొదలై చెవి వెనక్కి వెళ్లే తెల్ల వెంట్రుకల పాయ ఒకటి ఉంది. దాన్ని నల్లగా చేయొద్దు, బొమ్మలో ఇంకొంచెం వెడల్పుగా గీసినా మంచిదే. చెవుల పక్కన లేచిన చిన్న వెంట్రుకలు రెండు మూడు గీతల్లో చూపించాలి. సెల్ఫీలో జడ వీపు వెనక ఉంది. బొమ్మలో నా కుడి భుజం మీదుగా ముందుకు వేసి, మూడు పాయల అల్లిక తెలిసేలా గీయాలి. పూలు వద్దు.

ఒక ముఖ్యమైన విషయం. ఇది ఫ్రంట్ కెమెరాతో తీసిన ఫొటో, అద్దంలో చూసినట్టు తిరగబడి సేవ్ అయింది. వెనక గోడ మీద క్యాలెండర్ అక్షరాలు తిరగేసి ఉన్నాయి చూడండి. కాబట్టి ఎడమ కుడి మార్చి గీయాలి. బొమ్మ చూసేవాళ్లకు పాపిడి కుడివైపు, కంటి కింద పుట్టుమచ్చ ఎడమవైపు, జడ కూడా ఎడమవైపే రావాలి. ఫోన్ దగ్గరగా పెట్టి తీయడం వల్ల ముక్కు ఉన్నదానికన్నా పెద్దగా, చెవులు చిన్నగా పడ్డాయి. వాటిని మామూలు కొలతకు తేవాలి.

ముందు రెండుసార్లు వచ్చిన బొమ్మల్లో నన్ను పాతికేళ్ల తెల్లటి అమ్మాయిని చేశారు. చాలా బాధేసింది. నాది చామనఛాయ. #8C5A3C దగ్గర రంగు వాడాలి, అంతకన్నా లేతగా చేయొద్దు. నవ్వినప్పుడు నోటి పక్కన పడే గీతలు, గడ్డం కింద నిండుదనం అలాగే ఉండాలి. పెదాలు మూసి, ఎడమ మూల కొంచెం పైకి లేచిన నవ్వు. పిల్లవాడు సరైన జవాబుకి దగ్గరగా వచ్చినప్పుడు నా ముఖం అలా ఉంటుంది.

శైలి చదునైన రంగులు, మందమైన నల్ల గీత, నీడకి ఒకే ఒక్క ముదురు రంగు. ఫొటోలా నునుపుగా, త్రీడీ బొమ్మలా మెరుస్తూ ఉండొద్దు. వెనక క్యాలెండర్, గోడ అన్నీ తీసేసి ఒకే ఎర్ర రంగు వేయాలి, #B5301F లాంటిది. మా జిల్లాలోని చేర్యాల నకాశీ పటాల్లో నేపథ్యం అలాంటి ఎరుపే, పిల్లలకు బాగా తెలిసిన రంగు. ఎరుపు మాత్రమే తీసుకోవాలి, ఆ పటాల్లోని పెద్ద కళ్లు, నగలు నాకు పెట్టొద్దు. చీర ఆవాల రంగు కాటన్, సన్నటి ఆకుపచ్చ అంచు, భుజం దగ్గర పిన్ను. చెవులకు చిన్న దిద్దులు, బొట్టు చిన్నది.

బొమ్మ చతురస్రంగా 1024 x 1024 ఉండాలి. డీపీ గుండ్రంగా కత్తిరించుకుంటుంది కనుక తల, జడ చివర రెండూ ఆ గుండ్రంలోపలే ఉండాలి. ముఖమే ఎక్కువ చోటు తీసుకోవాలి. అక్షరాలు, పుస్తకం, సుద్దముక్క, బల్బు ఏవీ వద్దు. అన్నీ కుదరకపోతే దిద్దులు, చీర అంచు వదిలేయండి. జారిన కళ్లద్దాలు, తెల్ల పాయ, పుట్టుమచ్చ మాత్రం వదలొద్దు. నాలుగు బొమ్మలు ఇవ్వండి. నాలుగింటిలో ముఖం ఒకేలా ఉండాలి, నవ్వు ఎంతుందన్నదే మారాలి.