ఎడమ కనుబొమ్మ మీద మచ్చ

బుజ్జి స్కూల్లో దిగిన ఫొటోని మామయ్య ఫోన్లో ఏఐకి ఇచ్చి మార్పించాడు. అరండల్‌పేటలో ప్రింటు తీయించి తెచ్చాడు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు ఉండాల్సిన చోట తెల్లటి హెల్మెట్. భుజం మీద మూడు రంగుల జెండా. వెనకాల నీలంగా భూమి.

“మామయ్యా, ఇది నేనేనా?”

“నువ్వే బుజ్జీ. 2021లో శిరీష బండ్ల రోదసిలోకి వెళ్లి రాలా? మన తెలుగమ్మాయేగా!”

అమ్మ అప్పుడే మిర్చి తొడిమలు తీసే పని నుంచి వచ్చింది. వేళ్లకి ఇంకా కారం. ఫొటో ముట్టుకోకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది.

“మొహం నీదే. కనుబొమ్మ మీద మచ్చేదే? గడప తగిలి మూడు కుట్లు పడ్డాయిగా.”

నిజమే. అక్కడంతా నున్నగా ఉంది. ఊడిన పన్ను కూడా మొలిచేసింది. ఆ నవ్వు ఎవరిదోలా ఉంది.

బుజ్జి కంపాస్ బాక్సులోంచి నల్ల పెన్ను తీసింది. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గీత గీసింది. పన్ను మీద నల్లగా దిద్దింది.

“ఇప్పుడు చూడమ్మా.”

అమ్మ మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

“అక్కణ్ణించి మన ఇల్లు కనపడుద్దా?”