శ్యామల లెక్కల పుస్తకం

మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి శ్యామల చేతిలో ఏ పని ఉన్నా ఆగిపోతుంది. షేర్ మార్కెట్ మూసే వేళ అది. మరో అయిదు నిమిషాలకు షేర్ల సలహాలిచ్చే గ్రూపు నుంచి సందేశం వచ్చి ఫోను మోగుతుంది. తెర మీద పచ్చని అంకెలు. 'నేటి లాభం 18,400', 'నేటి లాభం 11,250'. వాటి కింద ముక్కూ మొహం తెలియని వాళ్లు పెట్టిన దండాలు. ఒకావిడ తాను రాజమండ్రి నుంచి రాస్తున్నానని, నెల తిరిగేసరికి గాజులు చేయించుకున్నానని పెట్టింది. ఆ మాట శ్యామల మూడుసార్లు చదువుకుంది.

అంబాజీపేటకు నాలుగు మైళ్ల దూరంలో, కాలువ గట్టు మీద ఊరు వాళ్లది. భర్త సత్యం కొబ్బరి కొట్టులో గుమాస్తా. నెలకు పద్నాలుగు వేలు. కూతురు సింధు కాకినాడలో హాస్టల్లో ఉండి బీకాం చదువుతోంది. మామగారికి ఎనభై దగ్గర పడుతున్నాయి. 1996 నవంబరు తుఫానులో ఒక్క రాత్రిలో ముప్పై ఆరు చెట్లు నేలకూలాక, ఆయన కొబ్బరి తోటలో సగం మళ్లీ లేవలేదు.

ఇరవై రెండేళ్ల కాపురంలో శ్యామలకు ఏ లోటూ లేదని ఊళ్లో అంటారు. నిజమే. అడిగితే సత్యం ఎప్పుడూ లేదనలేదు. కానీ అడగాలి. చెల్లెలి కొడుకు బారసాలకు వెండి మొలతాడు కొనాలన్నా అడగాలి, కళ్లజోడు మార్చుకోవాలన్నా అడగాలి. ఆయన జేబులో చెయ్యి పెట్టే ముందు ఒక్క క్షణం ఆగుతారు. విసుగుతో కాదు, ఎంత మిగులుతుందో లెక్క వేసుకోవడానికి. ఆ ఒక్క క్షణం ఆమెకు ప్రతిసారీ గుచ్చుకునేది. ఈ బాధ పెద్దదా చిన్నదా అని బయటివాళ్లు తేల్చలేరు. అనుభవించేవాళ్లకే తెలుస్తుంది.

అందుకే పక్కింటి రమణమ్మ ఫోనులో ఆ గ్రూపు చూపించి, "మొన్న ఒక్కపూటలో నాలుగు వేలు వచ్చాయి శ్యామలా, మీ అన్నయ్యకు కూడా చెప్పలేదు" అన్నప్పుడు, శ్యామలకు ముందు వినిపించింది నాలుగు వేలు కాదు. చెప్పలేదు అన్న మాట.

ముందు ఉచిత గ్రూపులో చేరింది. రమణమ్మ కొడుకు షేర్లు కొనుక్కునే డీమ్యాట్ ఖాతా తెరిచిపెట్టాడు. అందులో డబ్బు వెయ్యలేదు, ధరలు మాత్రం చూసేది. పొద్దున తొమ్మిదీ పదిహేనుకు మార్కెట్ తెరుస్తారని, నిఫ్టీ సూచీ ఆప్షన్ ఒక లాటు అంటే అప్పట్లో 75 అని, పెరుగుతుందనుకుంటే కాల్, తగ్గుతుందనుకుంటే పుట్ కొంటారని వారంలో నేర్చేసుకుంది. చదివింది పదో తరగతే అయినా ఆమెకు అంకెలంటే భయం లేదు. డ్వాక్రా సంఘంలో పదేళ్లుగా రెండో లీడరు. పొదుపు, అప్పు, వడ్డీ, ఎవరు ఏ తేదీన కట్టారు, ఎవరిది ఎంత బాకీ, అన్నీ ఆమె రాతలోనే ఉంటాయి. బ్యాంకు మేనేజరు ఒకసారి ఆ పుస్తకం తిరగేసి, కొట్టివేత ఒక్కటి కూడా లేదని మెచ్చుకున్నాడు.

అలవాటు కొద్దీ దీనికీ ఒక పుస్తకం పెట్టింది. స్కేలు పెట్టి గీతలు గీసి అయిదు గళ్లు చేసింది. తేదీ, వేళ, ఏమి కొనమన్నారు, ఎంతకు, చివరికి ఎంత. 'నిఫ్టీ 24,800 కాల్, 110 దగ్గర కొనండి, టార్గెట్ 140' అని వస్తే వెంటనే రాసేసేది. సాయంత్రం గ్రూపులో లాభం ప్రకటించగానే చివరి గడి నింపేది. పుస్తకం నిండాక సత్యం ముందు పెట్టాలని ఆమె ఆలోచన. నోటితో చెబితే నవ్వుతారేమో గానీ, లెక్క చూపిస్తే కాదనరు.

ఆ రోజుల్లో ఇంట్లో ఆమె ధ్యాసే వేరుగా ఉండేది. గోదావరికి వరద. వైనతేయ ఎర్రగా తిరిగింది, లంకల్లో పశువులను గట్టెక్కిస్తున్నారు. వసారాలో మంచం మీద నుంచి మామగారు గంటకోసారి అడుగుతున్నారు.

"అమ్మాయ్, ధవళేశ్వరంలో ఎంత ఉందిట?"

"ఇరవై నాలుగు వేల ఏడు వందల ఎనభై మామయ్యగారూ."

ముసలాయన లేచి కూర్చున్నారు. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకని, రెండోది 13.75కని ఆ డెల్టాలో పసిపిల్లలకూ తెలుసు. "ఏమి చెప్పావమ్మా?" అని ఆయన మళ్లీ అడిగితే, శ్యామల సిగ్గుపడి ఫోను కొంగులో దాచుకుని టీవీ పెట్టింది.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం శుక్రవారమనగా మంగళవారం రాత్రి గ్రూపు నడిపే మనిషి ఆమెకు విడిగా సందేశం పంపాడు. డబ్బు కట్టినవాళ్ల గ్రూపులో రోజుకు రెండు వేలకు తగ్గకుండా లాభం గ్యారంటీ. మూడు నెలలకు 15,000. ఆడవాళ్లకు పండగ తగ్గింపు, ఈ రాత్రి పన్నెండు లోపు కడితే 9,999. రెండే సీట్లు మిగిలాయి.

చీటీ పాడిన డబ్బు అరవై వేలు ఆమె ఖాతాలో ఉంది, సింధు హాస్టలు ఫీజుకని. రోజుకు రెండు వేలు, నెలకు ఇరవై రోజులు, నలభై వేలు. ఆయన జీతానికి దాదాపు మూడు రెట్లు. ఫీజు కట్టవచ్చు, ఈసారి వ్రతానికి అమ్మవారి రూపు కొత్తది చేయించవచ్చు, ఎవరినీ అడగక్కరలేదు. అందరూ పడుకున్నాక వంటింటి గడప మీద కూర్చుని, అతను పంపిన నంబరుకు 9,999 అని కొట్టింది. తెర మీద పేరు వచ్చింది. గ్రూపు పేరు కాదు, గ్రూపులో గురువుగారని పిలిచే మనిషి పేరూ కాదు. ఎవరిదో వేరే పేరు.

ఆమె వేలు ఆగింది. సంఘంలో వంద రూపాయలు తీసుకున్నా సంతకం పెట్టి ఇచ్చే మనిషి.

'రసీదు ఇస్తారా అండి?' అని అడిగింది.

'రసీదులు ఉండవు మేడం. నమ్మకం ఉంటే కట్టండి. మీ సీటు కోసం ఇద్దరు ఎదురుచూస్తున్నారు.'

పన్నెండు దాటేవరకు ఫోను వంకే చూస్తూ కూర్చుంది. కట్టలేదు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తప్పించుకున్నాననే ఊరట కాదు, చేతికందిన అదృష్టాన్ని పిరికితనంతో వదిలేశానేమోనన్న దిగులు. తెల్లవారగానే అతనే మళ్లీ పలకరించాడు: 'మీ కోసం శుక్రవారం దాకా గడువు పెంచాను మేడం.' ఆమె గుండె కుదుటపడింది.

బుధవారం పొద్దున సింధు వచ్చింది. బట్టల సంచి దించుతూ బల్ల మీది పుస్తకం తిరగేసింది.

"అమ్మా, ఇవి ఎవరి లెక్కలు?"

శ్యామల చెప్పింది. కొంత గర్వంగానే చెప్పింది.

సింధు పేజీలు వెనక్కి, ముందుకు తిప్పింది. "ఈ ఖాళీ గళ్లు ఏమిటమ్మా?"

"అవి కుదరలేదట. లాభం చెప్పినవే రాశాను."

"కుదరకపోవడమంటే?"

శ్యామల దగ్గర జవాబు లేదు. పుస్తకంలో ఖాళీ గడి ఉంటే తానే ఊరుకోదు. సంఘంలో ఎవరి పేరు ఎదురుగానైనా ఖాళీ ఉంటే వాళ్లింటికి వెళ్లి మరీ కనుక్కుంటుంది. మరి వీటిని ఇన్ని రోజులు ఎలా వదిలేసింది?

ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టారు. పంతొమ్మిది రోజులకు ముప్పై ఒక్క సలహాలు. పదమూడింటికి లాభం. పద్దెనిమిది ఖాళీ. ఫోను తెరిచి గ్రూపులో వెనక్కి వెళ్లారు. ఆ పదమూడు ఉన్నాయి, దండాలతో సహా. పద్దెనిమిది లేవు. చెరిపేసిన గుర్తు కూడా లేదు.

"నేను రాసుకున్నానే. వేళతో సహా రాసుకున్నాను," అంది శ్యామల.

అంతలో తొమ్మిదీ నలభైకి కొత్తది వచ్చింది. కాల్, 112 దగ్గర కొనమని. శ్యామల గడి గీసి రాసింది. ఈసారి పని చేసుకుంటూనే అరగంటకోసారి ధర చూసి పక్కన వేసింది. 109. 101. 88. పప్పు దించేసరికి 79. పన్నెండున్నరకు 64. లాటుకు 3,600 పోయినట్టు. ఒంటిగంటకు గ్రూపు తెరిస్తే పొద్దుటి సందేశం లేదు. మూడున్నరకు ఎప్పటిలాగే పచ్చని అంకెలు వచ్చాయి. దండాలు వచ్చాయి. రాజమండ్రి ఆవిడ మళ్లీ ఏదో కొనుక్కుంది.

అప్పుడు సింధు షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ సంగతి చెప్పింది. డబ్బు తీసుకుని ఇలాంటి సలహాలు ఇవ్వాలంటే సెబీ దగ్గర నమోదు కావాలి, లాభం గ్యారంటీ అని నమోదైనవాళ్లు కూడా అనకూడదు. గ్రూపులో పెట్టిన రిజిస్ట్రేషన్ నంబరును సెబీ వెబ్‌సైటులో వెతికింది. నంబరు నిజమైనదే, కానీ అది వేరెవరి పేరునో ఉంది. ఇంకొకటి కూడా చదివి వినిపించింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీయే 2024లో ప్రకటించింది.

కోట్ల అంకె శ్యామల చెవిన పడలేదు. "నూటికి తొంభై ముగ్గురా," అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఉన్నట్టుండి పుస్తకం చంకలో పెట్టుకుని పక్కింటికి నడిచింది.

రమణమ్మ వాకిట్లో కొబ్బరి ఈనెలు చీరుతోంది. పుస్తకం చూసి, ఖాళీ గళ్ల మాట విని, ఆమె చెయ్యి ఆగిపోయింది. కత్తి కింద పెట్టింది.

"నాలుగు వేలు వచ్చింది ఒక్కరోజే శ్యామలా. మొదటి రోజు."

"తర్వాత?"

"తర్వాత ముప్పై ఎనిమిది వేలు పోయాయి. పోయినదంతా తిరిగి రాబట్టే ప్లాను ఉందన్నాడు. నిన్న సాయంత్రం దానికి పాతిక వేలు కట్టాను. డ్వాక్రా అప్పు."

ఆ అప్పు కాగితం రాసింది శ్యామలే. గేదెకని రాసింది.

కోపం రావాలి. తనను కూడా ఇందులోకి లాగిన మనిషి. కానీ ఈనెల పీచు అంటుకున్న ఆ చేతులు వణకడం చూశాక కోపం నిలవలేదు. రమణమ్మకు కూడా అడగడం ఇష్టం లేకపోయింది, అంతే.

"పద వదినా, లోపలికి. నిన్న సాయంత్రమే అయితే ఇంకా ఆలస్యం కాలేదు. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరు 1930కి చేద్దాం."

"మీ అన్నయ్యకు తెలిస్తే..."

"తెలియాలి. ముందు ఫోను చేద్దాం, తర్వాత ఆయనతో ఇద్దరం చెబుదాం. మా ఆయనతో నేనూ చెప్పుకోవాలి."

మార్కెట్లో పోయిన ముప్పై ఎనిమిది వేలు రావని శ్యామలకు అర్థమైంది. ఈ పాతిక వేలైనా ఆ ఖాతాలో ఇంకా కదలకుండా ఉంటే ఆపగలరు. ఆ మాట శ్యామల పైకి అనలేదు. కొత్త పేజీ తీసి, స్కేలు లేకుండానే ఒక గీత గీసి, రమణమ్మ ఫోను చూస్తూ అన్నీ ఎక్కించింది. తేదీ, వేళ, మొత్తం, ఎవరి పేరున వెళ్లింది, ఏ నంబరుకు వెళ్లింది. ఒక్క గడి కూడా ఖాళీ ఉంచలేదు.

అటువైపు ఫోను ఎత్తడానికి ఏడు నిమిషాలు పట్టింది. రమణమ్మకు గొంతు పెగలలేదు. శ్యామల తీసుకుంది.

"లావాదేవీ నంబరు ఉందా అమ్మా? పన్నెండు అంకెలు ఉంటుంది."

"ఉందండి," అంది శ్యామల. పుస్తకం కిటికీ వెలుగులోకి జరుపుకుని, వేలు అంకె కింద పెట్టుకుని, ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది.