లాబీ తెర: ఆన్ చేయడం, ఇన్‌పుట్ మార్చడం

ఉదయం రాగానే తెర పక్కన గోడకున్న స్విచ్ వేయండి. తెర కింద కుడి మూలన ఎర్ర దీపం వెలుగుతుంది. కరెంటు అందిందనే దాని అర్థం, తెర ఇంకా ఆన్ కాలేదు. కౌంటర్ ఎడమ సొరుగులోని రిమోట్‌ను ఆ దీపం వైపు పెట్టి పవర్ బటన్ ఒక్కసారే నొక్కండి. బొమ్మ రావడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. ఈలోగా తొందరపడి మళ్లీ నొక్కితే తెర ఆరిపోతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఇన్‌పుట్ మార్చాలంటే రిమోట్‌పై INPUT నొక్కి, బాణం గుర్తులతో కావలసినది ఎంచుకుని OK నొక్కండి.

HDMI 1: స్వాగత సందేశాలు, ప్రకటనలు. రోజంతా ఇదే ఉండాలి.

HDMI 2: మీ కౌంటర్ కంప్యూటర్. దీనికి మార్చేముందు మెయిల్, సందర్శకుల వివరాలు మూసేయండి. మీ ముందున్నదంతా లాబీలో అందరికీ పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది.

HDMI 3: అతిథుల ల్యాప్‌టాప్ కోసం వదిలిన కేబుల్. వాళ్ల పని కాగానే HDMI 1కి తిప్పండి.

No Signal అని వస్తే కంగారు వద్దు, తెర పాడవలేదు. ఎంచుకున్న చోటి నుంచి బొమ్మ రావడం లేదు, అంతే. ముందు ఏ ఇన్‌పుట్‌లో ఉన్నారో చూసుకోండి. HDMI 1లోనే ఉంటే, తెర వెనకున్న చిన్న నల్ల పెట్టె కరెంటు వైరు తీసి, అర నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే సాంకేతిక విభాగానికి ఫోను చేయండి. మిగతా కేబుళ్లు మాత్రం కదపవద్దు.

సాయంత్రం ముందు రిమోట్‌తో ఆపి, ఆ తర్వాతే గోడ స్విచ్ తీయండి.